నెలసరి ఆలస్యంగా వచ్చేవారికి ప్రొజెస్టెరాన్ పరీక్ష: సరైన రోజును పట్టుకోవడం ఎలా?

"21వ రోజు రక్తం ఇమ్మన్నారు, ఇచ్చాను. 0.4 వచ్చింది. అంటే నాకు అండం విడుదల కావడం లేదా?"

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. జవాబు చెప్పే ముందు నేనూ ఒక ప్రశ్న అడుగుతాను: రక్తం ఇచ్చాక ఎన్ని రోజులకు పీరియడ్ వచ్చింది? చాలామంది ఆ తేదీ రాసిపెట్టుకోరు. రిపోర్ట్‌లో అంకె మాత్రం గుర్తుంటుంది. కానీ ఆ తేదీ తెలియకుండా ఆ అంకెకు అర్థం చెప్పడం ఎవరి వల్లా కాదు.

నెలసరి 35, 40, 45 రోజులకు వచ్చేవారు, ఎప్పుడొస్తుందో తెలియనివారు ఈ పరీక్షను ఏ రోజున చేయించుకోవాలో, రిపోర్ట్‌ను ఎలా చదవాలో ఇక్కడ వరసగా రాస్తున్నాను.

## 1. ముందు ఈ లెక్క అర్థం చేసుకోండి

అండం విడుదలయ్యాక, అది బయటికి వచ్చిన తిత్తి కొద్ది రోజులపాటు ప్రొజెస్టెరాన్ తయారు చేస్తుంది. రక్తంలో ఈ హార్మోన్ రోజురోజుకూ పెరిగి, సుమారు ఏడో రోజుకు బాగా ఎక్కువ స్థాయికి చేరుతుంది. గర్భం రాకపోతే ఆ తర్వాత తగ్గిపోతుంది, పీరియడ్ వస్తుంది. మనం పట్టుకోవాల్సింది ఆ మధ్యలో ఉన్న ఎత్తైన రోజులను.

28 రోజుల చక్రంలో అండం 14వ రోజు ప్రాంతంలో విడుదలవుతుంది. దానికి ఏడు కలిపితే 21. అందరి నోటా వినిపించే "21వ రోజు" ఇలా పుట్టింది. అది 28 రోజుల చక్రం ఉన్నవారికి మాత్రమే సరిపోయే అంకె.

చక్రం పొడవైతే సాగేది మొదటి సగమే, అంటే అండం తయారయ్యే కాలం. అండం విడుదలైన దగ్గర్నుంచి పీరియడ్ వరకు ఉండే రెండో సగం మాత్రం చాలామందిలో 12 నుంచి 14 రోజులే ఉంటుంది. అందుకే 42 రోజుల చక్రంలో అండం 28వ రోజు దగ్గర విడుదలవుతుంది. 21వ రోజున రక్తం తీస్తే అప్పటికి అండం విడుదలే కాలేదు, ప్రొజెస్టెరాన్ తక్కువగానే ఉంటుంది. అది జబ్బు కాదు. తేదీ తప్పింది, అంతే.

కాబట్టి పీరియడ్ మొదటి రోజు నుంచి ముందుకు లెక్కపెట్టకండి. రాబోయే పీరియడ్ నుంచి ఏడు రోజులు వెనక్కి లెక్కపెట్టండి. 35 రోజుల చక్రమైతే 28వ రోజు, 40 అయితే 33వ రోజు.

చిక్కంతా ఒక్కచోటే ఉంది. రాబోయే పీరియడ్ ఎప్పుడో తెలియనప్పుడు వెనక్కి ఎలా లెక్కపెడతాం? దానికి రెండు దారులున్నాయి. 3, 4 భాగాలు వాటి గురించే.

## 2. పరీక్షకు ముందే సరిచూసుకోవాల్సినవి

వీలైతే గత ఆరు పీరియడ్ల తేదీలు రాయండి. రక్తస్రావం బాగా మొదలైన రోజు మొదటి రోజు. దానికి ముందు ఒకటి రెండు రోజులు కనిపించే గోధుమరంగు మరకలను లెక్కలోకి తీసుకోకండి. ఒక మొదటి రోజు నుంచి తర్వాతి మొదటి రోజుకు ముందు రోజు వరకు చక్రం పొడవు. వీటిలో అతి చిన్న చక్రాన్ని గుర్తు పెట్టుకోండి, లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.

తర్వాత ఈ జాబితా చూసుకోండి:

- గర్భనిరోధక మాత్రలు, ఇంజెక్షన్ వంటి హార్మోన్ పద్ధతులు వాడుతున్నారా? వాడుతుంటే ఈ పరీక్షతో ఉపయోగం లేదు. చాలావరకు అవి అండాన్ని విడుదల కానివ్వవు.
- పీరియడ్ రావడానికి మాత్రలు వేసుకున్నారా? ఆపాక వచ్చే రక్తస్రావం మాత్రల వల్ల వచ్చింది. అండం విడుదలైందని అది చెప్పదు.
- ఈ చక్రంలో ప్రొజెస్టెరాన్ మందు ఏ రూపంలోనైనా తీసుకుంటున్నారా? సహజ ప్రొజెస్టెరాన్ అయితే రిపోర్ట్‌లో కనిపించేది మీ శరీరం తయారు చేసినదా, మందుదా అని చెప్పలేం.
- జుట్టు, గోళ్ళ కోసం బయోటిన్ ఎక్కువ మోతాదులో వాడుతున్నారా? కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో ఇది ప్రొజెస్టెరాన్‌ను ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది. ల్యాబ్‌కు చెప్పండి, డాక్టర్‌ను అడిగి రెండు మూడు రోజుల ముందు ఆపండి.
- గర్భం ఉండే అవకాశం ఉందా? గర్భంలోనూ ప్రొజెస్టెరాన్ ఎక్కువగానే ఉంటుంది.

డాక్టర్ రాసిచ్చిన మందు ఏదైనా పరీక్ష కోసమని మీ అంతట మీరు ఆపకండి. పరీక్షను వచ్చే చక్రానికి వాయిదా వేసినా నష్టం లేదు.

## 3. మొదటి దారి: అండం విడుదలైన రోజును గుర్తించి ఏడు కలపడం

ఒక్కసారి రక్తం ఇచ్చి పని పూర్తి చేసుకోవాలంటే ఇదే మంచి దారి. దీనికి మూడు గుర్తులు సాయపడతాయి. ఒక్కదాన్నే నమ్ముకోవడం కంటే రెండు కలిపి చూడమని చెబుతాను.

ఎల్‌హెచ్ స్ట్రిప్. అండం విడుదలకు ముందు ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఒక్కసారిగా పెరుగుతుంది, మూత్రంలో దాన్ని స్ట్రిప్ పట్టుకుంటుంది. మీ అతి చిన్న చక్రం నుంచి 17 తీసేసిన రోజున మొదలుపెట్టి, రోజూ సుమారు ఒకే సమయానికి చూడండి. దానికి ముందు రెండు గంటలు నీళ్ళు మరీ ఎక్కువ తాగకండి, మూత్రం పలచబడితే గీత కనిపించదు. పరీక్ష గీత పక్కనున్న గీతంత ముదురుగా, లేదా అంతకంటే ముదురుగా వస్తేనే పాజిటివ్. లేత గీత నెగటివ్ కిందే లెక్క.

మొదటి పాజిటివ్ వచ్చాక ఒకటి, ఒకటిన్నర రోజుల్లో అండం విడుదలవుతుంది. కాబట్టి పాజిటివ్ రోజుకు ఎనిమిది కలపండి. 20వ రోజు పాజిటివ్ అయితే 28వ రోజు రక్తం ఇవ్వాలి.

పీసీఓఎస్ ఉన్నవారు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. వారిలో ఎల్‌హెచ్ మామూలుగానే ఎక్కువగా ఉండవచ్చు, అందుకని స్ట్రిప్ రోజుల తరబడి పాజిటివ్‌లా కనిపిస్తుంది. ఒక్కోసారి ఎల్‌హెచ్ పెరిగినా అండం విడుదల కాదు, కొన్ని రోజుల తర్వాత మళ్ళీ పెరుగుతుంది. పాజిటివ్ వచ్చిందని స్ట్రిప్‌లు పక్కన పడేయకండి. కింద చెప్పిన ఉష్ణోగ్రత పెరిగేవరకు చూస్తూ ఉండండి. రెండుసార్లు పాజిటివ్ వస్తే చివరిదాని నుంచి లెక్కపెట్టండి.

ఉదయపు ఉష్ణోగ్రత. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ వల్ల ఒంటి వేడి కొద్దిగా పెరుగుతుంది. దశాంశం తర్వాత రెండు అంకెలు చూపే థర్మామీటర్‌తో, నిద్ర లేవగానే, మంచం దిగక ముందే కొలిచి రాయండి. అంతకుముందు ఆరు రోజుల కంటే కనీసం 0.2 డిగ్రీల సెల్సియస్ ఎక్కువగా వరసగా మూడు రోజులు ఉంటే అండం విడుదలై ఉంటుంది. ఆ మూడింటిలో మొదటి రోజుకు ఆరు కలపండి, అదే పరీక్ష రోజు. మూడో రోజున విషయం తేలుతుంది కాబట్టి ల్యాబ్‌కు వెళ్ళడానికి ఇంకా నాలుగు రోజులు చేతిలో ఉంటాయి.

జ్వరం, సరిగా నిద్ర లేని రాత్రి, రాత్రి డ్యూటీ ఈ లెక్కను పాడు చేస్తాయి. అలాంటి రోజుల పక్కన ఒక గుర్తు పెట్టుకోండి.

తెల్లబట్ట తీరు. పచ్చిగుడ్డు తెల్లసొనలా జారుతూ, వేళ్ళ మధ్య సాగే తెల్లబట్ట కనిపించిన చివరి రోజును గుర్తించండి. అండం విడుదల ఆ రోజుకు అటూఇటూ జరుగుతుంది. దానికి ఏడు కలపండి. ఇది ఒంటరిగా అంత ఖచ్చితమైనది కాదు, మిగతా రెండింటికీ తోడుగా వాడుకోవచ్చు.

## 4. రెండో దారి: వారానికి ఒకసారి, పీరియడ్ వచ్చేవరకు

స్ట్రిప్‌లు అర్థం కాకపోతే, ఉష్ణోగ్రత కొలవడం కుదరకపోతే, లేదా చక్రం 34 నుంచి 50 రోజుల మధ్య ఎటైనా పోతుంటే ఈ దారి తీసుకోండి.

మీ అతి చిన్న చక్రం నుంచి 7 తీసేయండి. ఆ రోజు మొదటి శాంపిల్ ఇవ్వండి. ఆ తర్వాత సరిగ్గా ఏడేసి రోజులకు ఒకటి చొప్పున, పీరియడ్ వచ్చేవరకు ఇస్తూ వెళ్ళండి. అతి చిన్న చక్రం 35 రోజులైతే 28, 35, 42... ఇలా. స్పష్టంగా ఎక్కువ విలువ వస్తే అక్కడితో ఆపేయవచ్చు.

వారం గడువే ఎందుకంటే, పీరియడ్‌కు ముందు 4 నుంచి 10 రోజుల మధ్య ఉన్న ఏడు రోజులు ఈ పరీక్షకు పనికొస్తాయి. వారానికోసారి శాంపిల్ ఇచ్చేవారికి ఒక శాంపిల్ ఎలాగూ ఆ ఏడు రోజుల్లో పడుతుంది. మధ్యలో ఒక్కటి మానేస్తే మాత్రం, మానేసినది సరిగ్గా అదే కావచ్చు. అప్పుడు అంతకుముందు పొడిపించుకున్న సూదులన్నీ వృథా.

చాలామంది దీన్ని మధ్యలో వదిలేస్తారు, రెండోసారి కూడా తక్కువ వచ్చేసరికి టెన్షన్ పడి. తొలి శాంపిళ్ళు తక్కువగా రావడం ఈ పద్ధతిలో మామూలే. చివరిది వచ్చేదాకా ఏదీ తేలదు.

## 5. రక్తం ఇచ్చే రోజు

పరగడుపున ఉండాల్సిన పని లేదు. ఉదయమే ఇవ్వాలన్న నియమమూ లేదు. వీలైతే అన్ని శాంపిళ్ళూ ఒకే ల్యాబ్‌లో ఇవ్వండి, పద్ధతి మారితే విలువ కొంచెం మారుతుంది.

ఇంటికి రాగానే ఇవి రాసుకోండి:

- ఈ చక్రం మొదటి రోజు తేదీ
- రక్తం ఇచ్చిన తేదీ, అది ఎన్నో రోజు
- ఎల్‌హెచ్ పాజిటివ్ తేదీ, ఉష్ణోగ్రత పెరిగిన తేదీ (తెలిస్తే)
- తర్వాతి పీరియడ్ తేదీ (దీన్ని ఖాళీగా ఉంచండి, వచ్చాక రాయాలి)

## 6. పీరియడ్ వచ్చాకే రిపోర్ట్‌ను తేల్చండి

ముందుగా యూనిట్ చూడండి. కొన్ని ల్యాబ్‌లు ng/mL లో, కొన్ని nmol/L లో ఇస్తాయి. ng/mL విలువను 3.18 తో గుణిస్తే nmol/L వస్తుంది. ఇది చూసుకోక, వేరే యూనిట్‌లో ఉన్న అంకెలతో పోల్చుకుని భయపడినవారు ఉన్నారు.

లూటియల్ దశ అంటే అండం విడుదలయ్యాక వచ్చే రెండో సగం. రిపోర్ట్‌లో అంకె పక్కన ముద్రించిన "లూటియల్ దశ" పరిధి మీరు ఆ దశలో ఉన్నారని చెప్పదు. మీది ఎన్నో రోజో ల్యాబ్‌కు తెలియదు. వారు అన్ని దశల పరిధులూ ముద్రిస్తారు, మనకు వర్తించేది మనమే చూసుకోవాలి.

ఇక అంకె సంగతి. 3 ng/mL దాటితే, అంటే సుమారు 9.5 nmol/L దాటితే, అండం విడుదలైందని తీసుకుంటారు. ఈ మాటకు పీరియడ్ తేదీతో కూడా పని లేదు, విడుదల కాకుండా అంత స్థాయి సాధారణంగా రాదు. సరైన రోజున 10 ng/mL లేదా 30 nmol/L దాటాలని చూసే క్లినిక్‌లూ ఉన్నాయి. వారి గీత పైన ఉంది కాబట్టి వారి దగ్గర మధ్యస్థ విలువ వస్తే వచ్చే చక్రంలో మళ్ళీ చూద్దామంటారు.

విలువ 3 కంటే తక్కువైతే తొందరపడి నిర్ణయానికి రాకండి. తర్వాతి పీరియడ్ తేదీ నుంచి శాంపిల్ తేదీని తీసేయండి.

- తేడా 10 రోజుల కంటే ఎక్కువైతే: తొందరగా తీశారు. ఈ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకండి.
- తేడా 4 రోజుల కంటే తక్కువైతే: ఆలస్యంగా తీశారు. అప్పటికే హార్మోన్ దిగిపోతూ ఉంటుంది. దీన్నీ వదిలేయండి.
- తేడా 5 నుంచి 9 రోజులైతే: ఈ చక్రంలో అండం విడుదల కాకపోయి ఉండవచ్చు. వచ్చే చక్రంలో మళ్ళీ చేయించి నిర్ధారించుకోండి.
- తేడా సరిగ్గా 4 లేదా 10 అయితే: అంచున పడింది. మళ్ళీ చేయించుకోవడమే మేలు.

ఒక చక్రంలో అండం విడుదల కాకపోవడం ఆరోగ్యంగా ఉన్నవారికీ అప్పుడప్పుడు జరుగుతుంది. ఒక్క రిపోర్ట్‌తో "నాకు విడుదలే కాదు" అనుకోవద్దు.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది చాలామంది మనసును అనవసరంగా కష్టపెడుతుంది. ప్రొజెస్టెరాన్ రక్తంలోకి ఒకే ధారగా రాదు, విడతలు విడతలుగా వస్తుంది. ఒకే రోజు రెండు గంటల తేడాతో తీసిన శాంపిళ్ళలో విలువ ఎన్నో రెట్లు మారవచ్చు. అందుకే 6 వచ్చినవారి అండం బలహీనమనీ 16 వచ్చినవారిది మంచిదనీ పోల్చడం కుదరదు. ఈ పరీక్ష "విడుదలైందా?" అన్న ప్రశ్నకు జవాబిస్తుంది. "ఎంత బాగా?" అని దీన్ని అడగకండి.

## 7. ఒక ఉదాహరణ, తేదీలతో సహా

ఒకామె గత ఆరు చక్రాలు 38, 34, 41, 46, 36, 44 రోజులు. చివరిదైన 44 రోజుల చక్రంలో ఆమె 21వ రోజున రక్తం ఇచ్చింది, 0.4 ng/mL వచ్చింది. ఆ తర్వాత పీరియడ్ రావడానికి 24 రోజులు పట్టింది. తేడా పదిని ఎప్పుడో దాటేసింది. వెనక్కి లెక్కపెడితే ఆ చక్రంలో అండం విడుదలై ఉంటే అది 30వ రోజు ప్రాంతంలో జరిగి ఉండాలి. అంటే సుమారు తొమ్మిది రోజులు ముందుగానే రక్తం తీశారు. ఆ 0.4 ఏమీ చెప్పదు.

తర్వాతి పీరియడ్ మార్చి 3న మొదలైంది. అతి చిన్న చక్రం 34. అందులో 17 తీసేస్తే 17వ రోజు, అంటే మార్చి 19. ఆ రోజు నుంచి స్ట్రిప్‌లు చూసింది, ఉదయం ఉష్ణోగ్రతా రాసుకుంది.

మార్చి 28న, 26వ రోజున, స్ట్రిప్ ముదురుగా పాజిటివ్ వచ్చింది. మార్చి 30 నుంచి ఉష్ణోగ్రత పెరిగి, ఏప్రిల్ 1 వరకు వరసగా మూడు రోజులు నిలిచింది. పాజిటివ్ రోజుకు ఎనిమిది కలిపితే ఏప్రిల్ 5. ఉష్ణోగ్రత పెరిగిన మొదటి రోజుకు ఆరు కలిపినా ఏప్రిల్ 5. రెండు గుర్తులూ ఒకే తేదీని చూపాయి.

ఏప్రిల్ 5న, 34వ రోజున, రక్తం ఇచ్చింది. 9.6 ng/mL వచ్చింది. ఏప్రిల్ 12న పీరియడ్ వచ్చింది. తేడా సరిగ్గా 7 రోజులు. అండం విడుదలైందని తీసుకోవచ్చు.

ఆమె వారానికోసారి పద్ధతి ఎంచుకుని ఉంటే? 34 నుంచి 7 తీసేస్తే 27వ రోజు, అంటే మార్చి 29. ఆ రోజు అండం విడుదలయ్యే వేళ కాబట్టి విలువ తక్కువే వచ్చేది. వారం తర్వాత రెండో శాంపిల్ ఏప్రిల్ 5న పడేది. ఒక సూది ఎక్కువ, జవాబు అదే.

## 8. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దే తీరు

సగటు చక్రంతో లెక్కవేయడం. పై ఉదాహరణలో సగటు సుమారు 40. దాన్నిబట్టి 33వ రోజున ఇచ్చి ఊరుకుంటే, 46 రోజుల చక్రం వచ్చినప్పుడు అది తొందరైపోతుంది. చక్రాలు ఇంతగా మారేవారు సగటును పట్టుకుని ఒకే శాంపిల్‌తో ఆపకూడదు.

ఫోన్ యాప్ చెప్పిన అండం విడుదల రోజును నమ్మడం. మీరు తేదీలు మాత్రమే ఇచ్చి ఉంటే, యాప్ చూపేది పాత తేదీల మీద వేసిన అంచనా. స్ట్రిప్, ఉష్ణోగ్రత మీ శరీరాన్ని చూసి చెబుతాయి. రెండూ వేరుగా ఉంటే శరీరం చెప్పిందే తీసుకోండి.

తక్కువ అంకె చూడగానే ప్రొజెస్టెరాన్ మాత్రలు మొదలుపెట్టడం. శాంపిల్ తొందరగా తీసి ఉంటే, అండం విడుదలకు ముందే మాత్రలు వేసుకున్నట్టవుతుంది. అది విడుదలకే అడ్డుపడవచ్చు. పైగా ఆపాక వచ్చే రక్తస్రావంతో ఈ చక్రం లెక్క మొత్తం చెడిపోతుంది. డాక్టర్ మాత్రలు రాస్తే, ఏ రోజున రక్తం ఇచ్చారో, ఆ తర్వాత పీరియడ్ వచ్చిందో లేదో చెప్పి అడగండి.

పీరియడ్ వస్తోంది కాబట్టి అండమూ విడుదలవుతోందనుకోవడం. విడుదల లేకుండానే గర్భాశయపు పొర ఊడి రక్తస్రావం కావచ్చు. పొడవైన చక్రాలున్నవారిలో ఇది అరుదేమీ కాదు. ఈ పరీక్ష అవసరమైందే ఆ తేడా తెలుసుకోవడానికి.

పీరియడ్ రాకపోయినా శాంపిళ్ళు ఇస్తూ పోవడం. విలువ ఎక్కువగా వచ్చి, ఆ తర్వాత పది రోజులు దాటినా పీరియడ్ రాకపోతే ముందు గర్భ పరీక్ష చేసుకోండి.

## 9. ఈ పరీక్షను ఆపి డాక్టర్‌ను కలవాల్సిన సందర్భాలు

మూడు నెలలుగా పీరియడ్ రాకపోతే వారం వారం ప్రొజెస్టెరాన్ చూసుకుంటూ కూర్చోవడంలో అర్థం లేదు. గర్భం లేదని తేల్చుకుని, థైరాయిడ్, ప్రొలాక్టిన్ వంటి పరీక్షల వైపు వెళ్ళాలి. ఏడాదికి ఎనిమిది కంటే తక్కువ పీరియడ్లు వచ్చేవారూ ఈ పరీక్షతో పాటే అసలు కారణం గురించి మాట్లాడాలి. సరైన రోజున తీసిన శాంపిళ్ళు వరసగా రెండు మూడు చక్రాల్లో తక్కువగా వస్తే కూడా ఇదే దారి.

గర్భం కోసం ఏడాదిగా ప్రయత్నిస్తున్నవారు, 35 ఏళ్ళు దాటితే ఆరు నెలలుగా ప్రయత్నిస్తున్నవారు, ఈ ఫలితం ఎలా వచ్చినా ఆగకుండా వెళ్ళండి. అండం విడుదలైందని తేలినా గొట్టాలు తెరిచి ఉన్నాయో లేదో, వీర్యం ఎలా ఉందో ఈ పరీక్ష చెప్పదు. అరుదుగా అండం తిత్తిలోనే ఉండిపోయి కూడా ప్రొజెస్టెరాన్ పెరుగుతుంది, అది అల్ట్రాసౌండ్‌లోనే తెలుస్తుంది.

వెళ్ళేటప్పుడు రిపోర్ట్ ఒక్కటే కాదు, 5వ భాగంలో రాసుకున్న కాగితం కూడా పట్టుకెళ్ళండి. అందులో నాలుగో వరస నిండి ఉండాలి.